‘పదో తారీఖు దాకా పాత ధరే’ అని చెప్పడం ఎలా?

సంక్రాంతి ఇంకా యాభై రోజులుంది. మీది పిండివంటల కొట్టు. నెయ్యి పెరిగింది, బెల్లం పెరిగింది, వండేవాళ్ల కూలి పండగ దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. ఈసారి సున్నుండల ధర పెంచక తప్పదు. ఆ సంగతి ముందే చెబితే జనం కాస్త ముందుగా ఆర్డర్లు ఇస్తారని మీ ఆశ. ఫోను తీసుకుని వాట్సాప్‌లో టైపు చేయడం మొదలుపెడతారు. ఏం వస్తుంది?

‘ధరలు పెరగబోతున్నాయి! త్వరపడండి! స్టాకు పరిమితం! ఆలసించిన ఆశాభంగం!’

నిజం చెప్పండి, ఇలాంటిది మీ ఫోనుకి వస్తే మీరు చదువుతారా? చదివినా, ‘వీడు మనల్ని కంగారు పెడుతున్నాడు’ అనే కదా అనుకుంటారు? ఆ నాలుగు ముక్కల్లో కొనేవాళ్లకి పనికొచ్చే సమాచారం ఒక్కటీ లేదు. ఎంత పెరుగుతుందో లేదు, ఎప్పటి నుంచో లేదు, ఇప్పుడు ఏం చేస్తే పాత ధరకి వస్తుందో లేదు. ఉన్నదల్లా తొందర. సమాచారం లేని తొందరే చదివేవాళ్లకి బెదిరింపులా వినిపిస్తుంది. ఆశ్చర్యార్థకాలు తీసేసినా ఆ ధ్వని పోదు.

ఈ అధ్యాయంలో ఒక్క నోటీసే రాద్దాం. రాజమండ్రిలో పిండివంటల కొట్టు నడిపే ఒకావిడ ఉన్నారనుకుందాం. పాత ఖాతాదారులు మూడు వందల మంది దాకా ఆవిడ వాట్సాప్‌లో ఉన్నారు. సున్నుండలు కిలో 720, నేతి అరిసెలు కిలో 560కి అమ్ముతున్నారు. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మీ కొట్టు అంకెలు మీరు వేసుకోండి.

1. ముందు లెక్క, తర్వాత మాట

నోటీసు రాయడానికి కూర్చునే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. కిలో సున్నుండలకి ఏది ఎంత పెరిగిందో విడివిడిగా రాయండి.

కిలో మినప్పప్పు, కిలో బెల్లం, అరకిలో నెయ్యి కలిపితే సుమారు రెండున్నర కిలోల సున్నుండలవుతాయి. అంటే కిలో సున్నుండల్లో నెయ్యి 200 గ్రాములు, బెల్లం 400 గ్రాములు. నెయ్యి కిలోకి 60 రూపాయలు పెరిగితే మీ మీద పడేది 12. బెల్లం కిలోకి 8 పెరిగితే మూడు రూపాయల పైచిలుకు. నలుగురు మనుషులు రోజుకి 40 కిలోలు చుడతారు, పండగ రోజుల్లో మనిషికి వంద ఎక్కువ అడుగుతారు. ఆ నాలుగు వందలు నలభై కిలోల మీద పంచితే కిలోకి పది. అట్టపెట్టెకి మూడు. మొత్తం 28. కాబట్టి 720 కాస్తా 750 అవుతుంది. అరిసెలకీ ఇలాగే వేస్తే ఇరవై తేలిందనుకోండి, 560 పోయి 580.

ఈ లెక్క ఎవరికీ చూపించక్కర్లేదు. మరి ఎందుకు? రెండు కారణాలు. ఎంత పెంచుతున్నారో, ఎందుకు పెంచుతున్నారో మీకే స్పష్టంగా తెలిస్తే మాటలో తడబాటు ఉండదు. తడబడేవాళ్లే గట్టిగా అరుస్తారు. రెండో కారణం అసలైనది. పాత ధరకి మీరు నిజంగా ఎన్ని కిలోలు ఇవ్వగలరో ఈ కాగితమే చెబుతుంది.

నెయ్యి పెరగక ముందు కొన్న 15 కిలోల టిన్నులు నాలుగు సున్నుండల కోసం పక్కన పెట్టారనుకుందాం. అంటే 60 కిలోల నెయ్యి. కిలోకి 200 గ్రాముల చొప్పున 300 కిలోల సున్నుండలకి సరిపోతుంది. ఆవిడ పాత ధరకి ఇవ్వగలిగింది అంతే. ఇప్పుడు ‘పాత ధర 300 కిలోల వరకు’ అని రాస్తే అది ‘స్టాకు పరిమితం’ లాంటి ఊకదంపుడు మాట కాదు. ఎవరైనా ‘ఎందుకండీ మూడొందలే?’ అని అడిగితే, ‘పాత రేటుకి కొన్న నెయ్యి అంతే ఉందండి’ అని తడుముకోకుండా చెప్పొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని చూసుకోరు. ముందు బుక్ చేసుకున్నా వండేది జనవరిలోనే. అప్పటి కూలి అప్పటి రేటుకే ఇవ్వాలి. నెయ్యి మీద నష్టం లేకపోయినా కూలి మీద కిలోకి పది రూపాయలు మీ చేతి నుంచి పోతాయి. మూడు వందల కిలోల మీద మూడు వేలు, అరిసెలవి కలిపితే ఇంకాస్త. ఇది తెలిసే దిగాలి. ఆ మూడు వేలకి బదులుగా మీకు దక్కేవేమిటి? ఎన్ని కిలోలు వండాలో నెల ముందే తెలుస్తుంది. బెల్లం ఒకేసారి కొనొచ్చు. చుట్టేవాళ్లకి ఇప్పుడే అడ్వాన్సిచ్చి మాట తీసుకోవచ్చు. పండగ ముందు నాలుగు రోజులు మనుషులు దొరక్క ఆర్డర్లు తిప్పి పంపిన అనుభవం ఉన్నవాళ్లకి ఈ మూడు వేలు ఎక్కువనిపించదు. ఎక్కువనిపిస్తే 300 కిలోలని 200 చేయండి. అంతేగాని ముందు పాత ధర అని చెప్పి, తర్వాత ఉండ సైజు తగ్గించకండి.

2. ముందు రావాల్సింది ఆర్డరు, తినుబండారం కాదు

‘పండక్కి ముందే కొనండి’ అంటే పట్టుచీరకైతే నడుస్తుంది. చీర బీరువాలో ఉంటుంది. సున్నుండలు, అరిసెలు డిసెంబరులో కొని ఎవరు దాచుకుంటారు? మీ నోటీసు చదవగానే ఇంటావిడకి వచ్చే మొదటి అనుమానం ధర గురించి కాదు: ‘ఇప్పుడు డబ్బు కడితే పాతబడినవి అంటగడతారేమో!’

ఈ అనుమానం తీరకుండా మీరు ఎంత తియ్యగా రాసినా లాభం లేదు. కాబట్టి నోటీసులో ఈ మాట కచ్చితంగా ఉండాలి: బుకింగు ఇప్పుడు, వండేది పండగ ముందు. తేదీలతో సహా. ‘జనవరి 5 తర్వాత వండి, 8 నుంచి 12 లోపు ఇస్తాం’ అని రాయండి. భోగి 13న అనుకుంటే ఒక రోజు ముందే ఇంటికి చేరినట్టు.

అమెరికాలో పిల్లలకి పార్శిల్ పంపేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి డిసెంబరు నెలాఖరుకే సరుకు చేతికి రావాలి. వాళ్లని ఇదే నోటీసులో ఇరికించకండి. విడిగా ఫోన్ చేసి వాళ్లకి కావలసిన తేదీ అడగండి. కొరియర్ ఖర్చు వేరని అప్పుడే చెప్పేయండి.

3. ఆఖరి తేదీ జీతం వచ్చాక పెట్టండి

మొత్తం అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. చాలామంది నెలాఖరు రోజును ఆఖరి తేదీగా పెడతారు. ‘నవంబరు 30 వరకే పాత ధర.’ చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ నవంబరు 30న జీతగాడి జేబులో ఏముంటుంది? వాళ్లకి కావాలనే ఉంటుంది, డబ్బు మర్నాడో ఆ తర్వాతో పడుతుంది. అప్పటికి మీ తలుపు మూసుకుపోయింది. ‘మా దగ్గర లేనప్పుడు చూసి పెట్టారు’ అనిపిస్తుంది. మీకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే, నోటీసు బెదిరింపు అయ్యేది అక్కడే.

అదే డిసెంబరు 10 అని పెడితే? ఒకటో తారీఖు జీతం, అయిదో తారీఖు జీతం, రెండూ పడిపోతాయి. ఇంటద్దె, పాలవాడు, స్కూలు ఫీజు అయ్యాక కూడా ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు మిగులుతాయి. గోదావరి జిల్లాల్లో మీ ఖాతాదారులు ఎక్కువగా రైతులైతే లెక్క మారుతుంది. సార్వా ధాన్యం అమ్మిన డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో చూసుకుని తేదీ పెట్టండి. ఆ సంగతి మీ ఊరి రైతుని అడిగితే చెబుతాడు.

4. పెరగనివి కూడా చెప్పండి

ధరల నోటీసులో పెరిగేవి మాత్రమే రాస్తే కొట్టంతా పెరిగినట్టు అనిపిస్తుంది. జంతికలు, గవ్వలు అదే ధరకి ఇస్తున్నట్టయితే ఆ మాట కూడా ఒక వరుసలో రాయండి. చదివేవాళ్ల మనసు తేలికపడుతుంది. ‘సున్నుండలు కిలో తగ్గించి జంతికలు కిలో పెంచుదాం’ అని లెక్క వేసుకునే వీలు కూడా వాళ్లకి దొరుకుతుంది.

ధరను శాతాల్లో రాయకండి. ‘4 శాతం పెంపు’ అని ఎవరూ పచారీ కొట్లో మాట్లాడుకోరు. 720 నుంచి 750 అనండి. ఎంతో చెప్పకుండా ‘ధరలు పెరుగుతున్నాయి’ అని వదిలేస్తే, జనం మనసులో అది వంద రూపాయలవుతుంది. ముప్పై అని చెబితే ముప్పైయే.

5. కారణం ఒక్క వాక్యం

నూనె ధరలు, రవాణా, యుద్ధాలు, ప్రభుత్వం, ఇలా పెద్ద ఏకరువు పెడితే అది సంజాయిషీలా ఉంటుంది. కొన్నిసార్లు ఏడుపులా కూడా ఉంటుంది. ‘నెయ్యి, బెల్లం, కూలి పెరిగాయి’ చాలు. వంటిల్లు నడిపేవాళ్లకి ఇవి మీరు చెబితే తెలిసే విషయాలు కావు.

ఒక్కోసారి కారణం రాత్రికి రాత్రే వచ్చిపడుతుంది. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకాన్ని మొత్తం మీద 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. దసరా అక్టోబరు 12న. మధ్యలో నెల రోజులు కూడా లేవు. నూనెలో వేయించే సరుకు చేసేవాళ్లకి పాత ధర నూనె ఎన్ని డబ్బాలుందో చూసుకునే వ్యవధి కూడా సరిగ్గా దొరకలేదు. అలాంటప్పుడు ఏం చేయాలి? పాత ధరకి ఇవ్వగలిగిన సరుకు లేకపోతే ‘ముందు బుక్ చేసుకుంటే పాత ధర’ అనే మాటే ఎత్తకండి. ‘ఫలానా తేదీ నుంచి కొత్త ధర ఇదీ’ అని తిన్నగా చెప్పండి. ఆ నోటీసు ఎవరినీ ముందుకి రప్పించదు. నిజమే. కానీ లేని అవకాశాన్ని ఉన్నట్టు చూపిస్తే వచ్చే ఏడు ఉన్న అవకాశాన్ని కూడా నమ్మరు.

6. వద్దనుకునే దారి తెరిచి ఉంచండి

కిలోకి వంద రూపాయల అడ్వాన్సు తీసుకోండి, మిగతాది సరుకు తీసుకునేటప్పుడు. దానితోపాటు ఈ వాక్యం కూడా రాయండి: ‘ఏ కారణం చేతనైనా వద్దనుకుంటే జనవరి 2 లోపు చెప్పండి, అడ్వాన్సు తిరిగి ఇస్తాం.’

అంత ఉదారత ఎందుకంటారా? మన ఇళ్లలో పండగ ఉంటుందో లేదో నెల ముందు ఎవరు చెప్పగలరు? దాయాదుల్లో ఒకరు పోతే మైల. ఏడాది పాటు పండగ చేయని ఇళ్లున్నాయి. ఆ ఇంటివాళ్లు ఫోన్ చేసినప్పుడు ‘అడ్వాన్సు వెనక్కి రాదండి’ అని మీరు అనగలరా? అనలేరు కదా. ఎలాగూ ఇచ్చేదాన్ని ముందే రాసిపెడితే మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది. మైల అనే మాట మాత్రం నోటీసులో రాయకండి. పండగ కబురులో అశుభం ఎందుకు? ‘ఏ కారణం చేతనైనా’ అన్నదాంట్లో అన్నీ వస్తాయి. జనవరి 2 అని ఎందుకంటే, మీరు మినప్పప్పు వేయించేది 5 తర్వాత. ఈలోపు మానుకున్నవాళ్ల కిలోలు వేరేవాళ్లకి ఇచ్చుకోవచ్చు.

ఇప్పుడు ఆవిడ నోటీసు రాద్దాం.

‘నమస్కారమండీ. సంక్రాంతి పిండివంటలకి బుకింగులు తీసుకుంటున్నాం. నెయ్యి, బెల్లం, కూలి పెరగడం వల్ల డిసెంబరు 11 నుంచి సున్నుండలు కిలో 750 (ఇప్పుడు 720), నేతి అరిసెలు కిలో 580 (ఇప్పుడు 560) అవుతాయి. జంతికలు, గవ్వల ధర మారదు. డిసెంబరు 10 లోపు బుక్ చేసుకున్నవారికి పాత ధరే. పాత ధరకి కొన్న నెయ్యితో సున్నుండలు 300 కిలోలు, అరిసెలు 200 కిలోలు ఇవ్వగలం. వండేది జనవరి 5 తర్వాతే, 8 నుంచి 12 లోపు మీకు అందుతాయి. కిలోకి 100 అడ్వాన్సు. ఏ కారణం చేతనైనా వద్దనుకుంటే జనవరి 2 లోపు చెప్పండి, తిరిగి ఇస్తాం. ఎన్ని కిలోలు కావాలో ఈ నంబరుకే రాయండి చాలు.’

ఇందులో ‘త్వరపడండి’ ఎక్కడైనా ఉందా? లేదు. తొందరపడాల్సిన కారణం మాత్రం ఉంది. తేదీ, కిలోలు చూసి వాళ్లే నిర్ణయించుకుంటారు. గట్టిగా చదివి చూడండి. మీ మేనత్తకి ఫోన్‌లో ఇదే మాట చెబుతున్నట్టు ఉందా? ఉంటే పంపండి. ఏదైనా వాక్యం దగ్గర మీకే సిగ్గేస్తే ఆ వాక్యం కొట్టేయండి.

7. మూడుసార్లు చాలు

నవంబరు 22 ప్రాంతంలో పూర్తి నోటీసు. డిసెంబరు 5న, జీతాలు పడ్డాక, గుర్తు చేస్తూ రెండు వరుసలు: ‘పదో తారీఖు దాకా పాత ధరే. ఇప్పటికి 180 కిలోలు బుక్ అయ్యాయి.’ ఆ అంకె నిజమైనదై ఉండాలి. అయిదు కిలోలే బుక్ అయితే అంకె రాయకండి, తేదీ మాత్రం రాయండి. మూడోది డిసెంబరు 9 సాయంత్రం, అదీ అందరికీ కాదు. ‘చూసి చెబుతానండి’ అన్నవాళ్లకి మాత్రమే, పేరు పెట్టి పిలిచి: ‘అక్కా, మీరు రెండు కిలోలన్నారు, ఉంచమంటారా?’ ఉంచమంటే సరే. వద్దంటే ‘పర్వాలేదక్కా’ అని వదిలేయండి. రోజూ స్టేటస్‌లో ‘ఇంకా 4 రోజులే’, ‘ఇంకా 3 రోజులే’ అని పెట్టేవాళ్లని జనం మ్యూట్ చేస్తారు. మ్యూట్ అయ్యాక మీ ఉగాది కబురు కూడా చేరదు.

తరచూ చేసే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది తేదీ పొడిగించడం. ‘ఖాతాదారుల కోరిక మేరకు మరో మూడు రోజులు’ అనే బోర్డు చీరల కొట్ల దగ్గర ఎన్నిసార్లు చూసి ఉంటారు? ఆ కోరిక ఎవరు కోరారో ఎవరికీ తెలియదు. పదో తారీఖు లోపు కష్టపడి డబ్బు సర్దుకుని బుక్ చేసుకున్న మనిషికి ఆ బోర్డు చూస్తే ఏమనిపిస్తుంది? వచ్చే సంక్రాంతికి ఆవిడ మీ తేదీని పట్టించుకోదు. లేని కొరతని, లేని గడువుని చూపించి కొనిపించడాన్ని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాల్లో మోసపు ఎత్తుగడల జాబితాలో మొదటిదిగా పెట్టింది. అవి ప్రధానంగా ఆన్‌లైన్ అమ్మకాల కోసం తెచ్చినవి. వాట్సాప్‌లో అమ్మేవాళ్లు కూడా చదివి ఉంచుకోవడం మంచిది.

రెండోది ప్యాకెట్ల సంగతి. జంతికల్లాంటివి ముందే ప్యాక్ చేసి గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటే, ధర పెంచిన రోజున వాటి మీద కొత్త స్టిక్కరు అంటించి ఎక్కువకి అమ్మకండి. తూనికలు, కొలతల చట్టం కింద ఉన్న ప్యాకేజీ నియమాలు ముద్రించిన ధర కంటే ఎక్కువకి అమ్మనివ్వవు. తగ్గించడానికైతే స్టిక్కరు వేయొచ్చు, అదీ పాత ధర కనబడేలా. పాత ప్యాకెట్లు అయిపోయేదాకా పాత ధరే. దీన్ని కూడా నోటీసులో ఒక మంచి మాటగా వాడుకోవచ్చు: ‘పాత ధర ముద్రించిన ప్యాకెట్లు ఉన్నంతవరకు అదే ధర.’

మూడోది, కొట్టులో కుర్రాడికి చెప్పకపోవడం. మీరు ఫోన్‌లో ఎంతో మర్యాదగా రాస్తారు. కౌంటర్ దగ్గర వాడు ‘ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ దొరకవండి’ అంటాడు. మీ నోటీసుని ముందు వాడికి చదివి వినిపించండి.

పన్నెండో తారీఖున వచ్చే మనిషి

పదేళ్లుగా మీ దగ్గరే కొంటున్న మాస్టారుగారు డిసెంబరు 12న వస్తారు. ‘నేను మెసేజీ చూళ్లేదమ్మా, నాకు పాత ధరకి ఇవ్వకూడదూ?’ అంటారు. ఇలాంటివాళ్లు తప్పకుండా వస్తారు. కాబట్టి ఇప్పుడే ఒక నియమం పెట్టుకోండి. పదో తారీఖు లోపు ‘కావాలి’ అని చెప్పి, డబ్బు మాత్రం పంపనివాళ్లకి పాత ధర ఇవ్వండి. మాట ముందే ఇచ్చారు కదా. అసలు చెప్పనివాళ్లకి కొత్త ధరే, ఎవరైనా సరే. మాస్టారికి ఇచ్చి పక్కింటావిడకి ఇవ్వకపోతే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

మరి మాస్టారిని ఎలా పంపాలి? ‘పాత నెయ్యి బుకింగులకే సరిపోయింది మాస్టారూ. జంతికలు మాత్రం అదే ధరండి. వచ్చే ఏడు మెసేజీ కాకుండా నేనే మీకు ఫోన్ చేస్తాను’ అనండి. అని ఊరుకోకండి. ఆయన పేరు డైరీలో వచ్చే నవంబరు పేజీలో ఆయన ముందే రాసుకోండి.

ఇంకో చిన్న పని. పదకొండో తారీఖు పొద్దున్న తలుపు తీయగానే బోర్డు మీద పాత ధర తుడిచి కొత్తది రాయండి. స్టేటస్ మార్చండి, వాట్సాప్‌లో సరుకుల జాబితా పెట్టుకుంటే అందులోనూ దిద్దండి. బోర్డు మీద 720, నోటి మాట 750 అయితే అప్పటిదాకా రాసిందంతా వృథా.